ఒక రాణి, మూడు పేర్లు

"అక్కా, మా ఆయన జీవితంలో ఇంకెవరైనా ఉన్నారేమో చూసి చెప్తారా?"

ఆమె ఇంకా సరిగ్గా కూర్చోలేదు. భుజానికి ఉన్న సంచి కూడా దించలేదు. పదేళ్లుగా టారో కార్డులు చదువుతున్నాను. నా ముందు కూర్చునే భార్యలూ భర్తలూ, పెళ్లి కావలసిన వాళ్లూ అందరికంటే ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. గొంతు మారుతుంది, మాటలు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. మా ఇద్దరి మధ్యకు మూడో మనిషి వచ్చిందా?

ఆ రోజు ఆమె కోసం అయిదు కార్డులు తీశాను. మూడోది తిప్పగానే ఆమె ముఖం పాలిపోయింది. సింహాసనం మీద నిటారుగా కూర్చుని, కుడిచేతిలో కత్తి పైకెత్తి పట్టుకున్న ఒక రాణి. "ఉంది కదా అక్కా?" అంది.

ఆ రాణి దగ్గరకు మళ్లీ వస్తాను. కార్డుల్లో ఇంకొకరు కనిపించారంటే దాని అర్థం ఏమిటో, అది ఎంతవరకు నిజమో ముందు చెప్పాలి. ఒక కార్డు చూసి ఇల్లు వదిలి వెళ్లినవాళ్లున్నారు. మంచి కార్డులు వచ్చాయన్న ధైర్యంతో కళ్లెదుట ఉన్నదాన్ని చూడనివాళ్లూ ఉన్నారు.

పేక సంగతి

టారో పేకలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 పెద్ద కార్డులు. లవర్స్, డెవిల్, మూన్ లాంటి పేర్లున్నవి ఇవే. మిగతా 56 మన పేకముక్కల్లాగే నాలుగు గుర్తులుగా విడిపోతాయి: కప్స్ అంటే పాత్రలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, వాండ్స్ అంటే కర్రలు, పెంటకిల్స్ అంటే నాణేలు. ఒక్కో గుర్తుకు ఒకటి నుంచి పది వరకు అంకెల కార్డులు, ఆపైన నాలుగు మనుషుల బొమ్మలు. మన పేకలో జాకీ, రాణి, రాజు ఉన్నట్టు ఇందులో పేజ్, నైట్, క్వీన్, కింగ్ ఉంటారు.

ఈ పేక పుట్టింది ఆట కోసం. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ సంపన్నుల ఇళ్లలో ఆడుకున్నారు. దానితో జోస్యం చెప్పడం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. ఇవాళ హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా రీడర్ల చేతిలో ఎక్కువగా కనిపించేది 1909లో లండన్‌లో అచ్చయిన పేక, లేదా దాన్ని చూసి గీసినవి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన చెబితే, పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. అంకెల కార్డుల్లో దాదాపు అన్నిటికీ మనుషులతో, సన్నివేశాలతో బొమ్మలు వేయడం ఆమె చేసిన గొప్ప పని. కార్డు చూడగానే మనకు ఒక కథ తోచడానికి కారణం అదే. మన భయం ఆ కథలోకి సులువుగా దూరిపోవడానికి కారణం కూడా అదే.

అనుమానం రేపే అయిదు కార్డులు

ప్రేమ, పెళ్లి గురించి అడిగినప్పుడు మూడో మనిషికి గుర్తులుగా చాలామంది రీడర్లు చెప్పే కార్డులు ముఖ్యంగా అయిదు. ఒక్కోదానిలో నిజంగా ఏం గీసి ఉందో చూద్దాం.

మొదటిది త్రీ ఆఫ్ స్వోర్డ్స్. ఎర్రటి గుండెలో మూడు కత్తులు దిగి ఉంటాయి, వెనక మబ్బులు, వాన. ఇది చూసి బెదరని మనిషిని నేను చూడలేదు. మూడు కత్తులంటే ముగ్గురు మనుషులని చెప్పేస్తారు. కానీ ఈ బొమ్మలో ఒక్క మనిషి కూడా లేడు. పమేలా ఈ బొమ్మను సోలా బుస్కా అనే 15వ శతాబ్దపు ఇటలీ పేక నుంచి తీసుకుందని పరిశోధకులు భావిస్తారు. ఆ పేక ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఆ పాత కార్డులోనూ గుండెలో మూడు కత్తులే ఉన్నాయి. వెయిట్ తన పుస్తకంలో దీనికి ఇచ్చిన అర్థాలు దూరం కావడం, లేకపోవడం, ఆలస్యం, తెగిపోవడం. కార్డు చెప్పేది నొప్పి గురించి. నొప్పి పెట్టింది ఎవరో అందులో లేదు. ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉంటున్న భర్తకైనా, గర్భం నిలవని దంపతులకైనా ఈ కార్డు అంతే సరిపోతుంది.

రెండోది త్రీ ఆఫ్ కప్స్. ముగ్గురు ఆడవాళ్లు పాత్రలు పైకెత్తి నాట్యం చేస్తుంటారు, కాళ్ల దగ్గర పండ్లు, కాయలు. వెయిట్ దీనికి చెప్పింది సంతోషం, సమృద్ధి, పని సుఖంగా ముగియడం, ఊరట. మూడో మనిషి అన్న అర్థం ఆయన రాయలేదు. ప్రేమ వ్యవహారాలు చూసే రీడర్లు మూడు అంకెను పట్టుకుని తర్వాతి కాలంలో కలిపినది అది. సీమంతానికి కలిసిన స్నేహితురాళ్లను చూపించే బొమ్మ ఒక అంకె వల్ల సవతిని చూపించే బొమ్మ అయింది.

మూడోది సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్. డేరాల దగ్గర నుంచి ఒకతను మునివేళ్ల మీద నడుస్తూ, వెనక్కి చూసుకుంటూ అయిదు కత్తులు ఎత్తుకుపోతుంటాడు. రెండు నేలలో గుచ్చి మిగిలిపోయాయి. ఇక్కడ దాపరికం ఉంది, అందులో సందేహం లేదు. దాచినది ఏమిటో మాత్రం బొమ్మ చెప్పదు. ఇంట్లో చెప్పకుండా చేసిన అప్పు కావచ్చు, పోయిన ఉద్యోగం కావచ్చు, డాక్టరు చెప్పిన మాట కావచ్చు.

నాలుగోది డెవిల్. కొమ్ములున్న ఆకారం కింద ఒక ఆడ, ఒక మగ, ఇద్దరి మెడలకూ గొలుసులు. కొంచెం పరిశీలించి చూస్తే ఆ గొలుసులు వదులుగా ఉంటాయి, తల మీదుగా తీసేయవచ్చు. తీసేయగలిగీ తీసేయలేని బంధం ఇది. మూడోది మనిషే కానక్కర్లేదని నాకు నేర్పిన కార్డు ఇదే. ఇద్దరి మధ్యలో కూర్చున్నది తాగుడు కావచ్చు, ఆన్‌లైన్ బెట్టింగ్ కావచ్చు.

అయిదోది మూన్. రెండు బురుజుల మధ్య నుంచి పోయే దారి, ఒక కుక్క, ఒక తోడేలు, నీళ్లలోంచి పైకి వస్తున్న రొయ్యలాంటి జీవి. మనుషులు లేరు. పగటి వెలుగూ లేదు. ఉన్న వెన్నెలలో తాడు పాములా కనిపిస్తుంది. ఈ కార్డు వచ్చినప్పుడు అనుమానం నిజమైందని చెప్పడం వింత. తనకు సరిగ్గా కనిపించడం లేదని కార్డే చెబుతోంది.

ఇక లవర్స్ కార్డు చరిత్ర వేరు. మార్సెయ్ పేక అని పిలిచే పాత ఫ్రెంచి పేకలో ఈ కార్డు మీద నిజంగానే ముగ్గురున్నారు. ఒక యువకుడు మధ్యలో, అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్లు, పైన బాణం ఎక్కుపెట్టిన మన్మథుడు. ఇద్దరిలో ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోలేని అబ్బాయి అని కొందరు చదివారు. వధూవరులకు పెళ్లి చేస్తున్న పెద్దామె అని ఇంకొందరు చదివారు. ఒకే బొమ్మలో ఒకరికి పోటీ మనిషి, మరొకరికి పెళ్లి పెద్ద. 1909 పేకలో వెయిట్ ఆ మూడో మనిషిని తీసేసి, దేవదూత కింద ఒక స్త్రీ, ఒక పురుషుడు మాత్రమే ఉండేలా మార్పించాడు. మూడో మనిషి ఉన్నారా లేరా అన్నది కొన్నిసార్లు రీడర్ ఏ పేక కొన్నాడన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

లెక్క ఏమంటుంది?

ఒక రాత్రి కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఈ అయిదు కార్డుల్లో ఏది వచ్చినా మూడో మనిషి ఉన్నట్టే అని నమ్మే రీడర్ ఒకరు ఉన్నారనుకుందాం. బాగా కలిపిన 78 కార్డుల్లోంచి వాళ్లు పది తీస్తారు. సెల్టిక్ క్రాస్ అనే పేరున్న పరుపుకు పది కార్డులే కావాలి. ఆ పదిలో ఈ అయిదింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం ఎంత?

సుమారు 51 శాతం. అంటే వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరికి ఇంట్లో ఏం జరుగుతున్నా, ఏమీ జరగకపోయినా మూడో మనిషి కనిపిస్తుంది. మూడు కార్డులే తీస్తే ఇది 18 శాతం.

"స్పష్టంగా లేదు, ఇంకొకటి తీయండి" అని అడిగేవాళ్లు చాలామంది. ఇలా అదనంగా తీసేవాటిని క్లారిఫయర్లు అంటారు. పది కాస్తా పదిహేనైతే అవకాశం 67 శాతానికి, ఇరవై అయితే 78 శాతానికి పెరుగుతుంది. నమ్మకం కుదిరేదాకా తీస్తూ పోతే భయపడిన కార్డు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. అది వచ్చాక చేయి ఆగిపోతుంది. కార్డు నిజం చెప్పింది కదా అనిపిస్తుంది. నిజానికి అది వచ్చేదాకా మనం ఆపలేదు.

ఈ లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. ఇంట్లో నిజంగా మోసం జరుగుతున్నా, పది కార్డుల్లో ఈ అయిదూ కనిపించకపోయే అవకాశం దాదాపు సగం ఉంది. కార్డులు బాగున్నాయి కాబట్టి ఇల్లు బాగుందని అనుకోవడం కూడా అంతే పొరపాటు. బయట జరుగుతున్న సంగతి పేకకు తెలుస్తుందని చెప్పడానికి ఏ రుజువూ లేదు. కార్డులు సాక్ష్యం చెప్పలేవు. పదేళ్లు ఈ పని చేశాక ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

మరి కార్డులు చదవడం ఎందుకు? మనిషి తనకు తాను చెప్పుకోలేని మాటను బొమ్మ ముందు పెట్టుకుంటే చెప్పగలుగుతుంది. నేను చూసిన ప్రయోజనం అది. అందుకే కార్డుకు అర్థం చెప్పడం కంటే కార్డు చూపించి అడగడం ముఖ్యం.

మనుషుల బొమ్మల చిక్కు

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది పేజ్, నైట్, క్వీన్, కింగ్ దగ్గర. ఇవి నాలుగు గుర్తులకూ కలిపి 16. పది కార్డులు తీస్తే సగటున రెండు వస్తాయి. కనీసం ఒకటి రావడం పదింట తొమ్మిదిసార్లకు పైగా జరిగే మాట. భర్త గురించి అడిగినప్పుడు రాణి వస్తే "ఒక స్త్రీ ఉంది" అనేస్తారు. ఆ స్త్రీ ఎవరు?

నేను నేర్చుకున్న పద్ధతిలో ఆ రాణిని వరసగా చూస్తాను. ఆమె అడగడానికి వచ్చిన మనిషే కావచ్చు. ఈ ఇద్దరిలో రెండోవారు కావచ్చు, రాణి ఆడమనిషే అయి ఉండాలన్న నియమం లేదు. ఆ ఇంటిలోని మరొకరు కావచ్చు, తల్లి, అత్త, ఆడపడుచు, కూతురు. ఎవరూ కాకుండా ఒక తీరు కావచ్చు, ముక్కుసూటిగా మాట్లాడటం లాంటిది. ఇవన్నీ చూశాక చివరికి మిగిలేది బయటి మనిషి. చాలామంది రీడర్లు ఈ వరసను తలకిందులు చేసి బయటి మనిషితో మొదలుపెడతారు. విన్న ఆమెకు ఇక మిగతావేవీ వినపడవు.

కార్డు ఏ స్థానంలో పడిందన్నది కూడా చూడాలి. 'మీరు' అన్న స్థానంలో రాణి పడితే అది అడిగిన మనిషి. 'నాకున్న భయం' అన్న స్థానంలో పడితే అది భయం. స్థానాలకు పేర్లు పెట్టకుండా కార్డులు పరిచే రీడర్ ఏ కార్డును ఎక్కడికైనా లాగగలరు. తీయకముందే ఏ స్థానం దేనికో చెప్పమని అడగడం వచ్చినవాళ్ల హక్కు.

ఆ రోజు పరిచిన అయిదు కార్డులు

ఇప్పుడు మళ్లీ ఆ రోజుకు వద్దాం. చిన్న వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను.

ముందు ఆమె ప్రశ్న మార్చాను. "ఆయన జీవితంలో ఎవరైనా ఉన్నారా అన్నదానికి ఆయనే జవాబు చెప్పాలమ్మా. మీ ఇద్దరి మధ్య దూరం గురించి మీకేం తెలుసో, ఏం తెలియదో చూద్దామా?" అన్నాను. కొంచెం ఆలోచించి సరేనంది. అయిదు స్థానాలు చెప్పాను. మీరు, ఆయన, ఇద్దరి మధ్య ఉన్నది, కనబడనిది, మీరు చేయగలిగింది.

మొదటి స్థానంలో నైన్ ఆఫ్ స్వోర్డ్స్. మంచం మీద లేచి కూర్చుని చేతుల్లో ముఖం దాచుకున్న మనిషి, వెనక గోడ మీద తొమ్మిది కత్తులు. "నిద్రపోతున్నారా?" అని అడిగాను. రెండు నెలలుగా లేదంది. రెండో స్థానంలో టెన్ ఆఫ్ వాండ్స్, పది కర్రల మోపు ఎత్తుకుని వంగిపోయి నడుస్తున్న మనిషి. మోపు అడ్డం వచ్చి అతనికి ముందు దారి కనపడదు. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.

మూడోదే క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్. "ఉంది కదా అక్కా" అన్నది అప్పుడే.

"ఈ బొమ్మ చూడగానే ఎవరు గుర్తొచ్చారు?" అని అడిగాను. వాళ్లాయన ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయంది. ఆ అమ్మాయిని ఎన్నిసార్లు చూశారంటే, ఎప్పుడూ లేదు, ఒకసారి గ్రూపు ఫోటోలో చూశానంది.

"ఇంకెవరైనా గుర్తొస్తున్నారా?"

ఈసారి జవాబు ఆలస్యంగా వచ్చింది. "మా ఆడపడుచు. నిరుడు వాళ్లాయన పోయాడు. అప్పటినుంచీ మనిషి ఇలాగే అయిపోయింది, ఇలా బిగుసుకుని కూర్చుంటుంది." వెయిట్ కూడా ఈ కార్డుకు వైధవ్యం, దుఃఖం, ఎడబాటు అని రాశాడు. ఆ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెబితే ఆడపడుచే అని తేల్చినట్టవుతుంది. తేల్చడానికి నా దగ్గర ఏముంది?

"ఇంకా?"

ఆమె కార్డును తన వైపు తిప్పుకుంది. రాణి ఎడమచేయి ముందుకు చాచి ఉంటుంది, ఎదుటివాళ్లను దగ్గరకు రమ్మంటున్నట్టు, లెక్క చెప్పమంటున్నట్టు. "నేనే అక్కా" అంది. "ఆయన గుమ్మంలోకి రాగానే ఎక్కడికెళ్లావ్, ఎవరితో ఉన్నావ్ అని ఇలాగే అడుగుతున్నాను." ఆ మాట అన్నాక ఏడ్చింది.

ఒక రాణికి మూడు పేర్లు. మొదటి పేరు దగ్గరే నేను ఆగి ఉంటే ఫోటోలో చూసిన ఒక అమ్మాయి ఆ ఇంట్లో శత్రువై కూర్చునేది.

నాలుగోది, కనబడనిది, సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్. ఆమె మళ్లీ ఉలిక్కిపడింది. "ఇతను ఎత్తుకుపోతున్నవి కత్తులు. మీ ఇంట్లో లెక్కకు రానిది ఏదైనా ఉందా?" అని అడిగాను. ఉందంది. మూడు నెలలుగా జీతంలో ఇరవై వేలు తక్కువ వస్తున్నాయి. అడిగితే ఆఫీసులో ఏదో కోత అన్నాడు. ఇందాకటినుంచి ఆమె ఆ డబ్బు మాట ఎత్తనే లేదు. అనుమానం మనిషి మీద పడ్డాక డబ్బు వెనక్కి పోయింది.

చివరిది జస్టిస్, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో త్రాసు. కాగితం ఇచ్చి మధ్యలో గీత గీయమన్నాను. ఒక పక్క కళ్లతో చూసినవి, ఇంకో పక్క ఊహించినవి. చూసిన పక్కన రెండే పడ్డాయి. తక్కువొచ్చిన ఇరవై వేలు, రాత్రిళ్లు బాల్కనీలోకి వెళ్లి మాట్లాడే ఫోను. ఆఫీసు అమ్మాయి, ఆలస్యంగా రావడం వెనక కారణం, ఆయనకు తనంటే ఇష్టం పోవడం, ఇవన్నీ రెండో పక్కకు వెళ్లాయి. "ఈ రెండూ అడగండి, ఈ రెండే అడగండి" అన్నాను. నేను చేయగలిగింది అంతే.

ఆ డబ్బు ఆడపడుచుకు వెళుతూ ఉండవచ్చు, ఆఫీసు అమ్మాయికీ వెళుతూ ఉండవచ్చు, అప్పు తీర్చడానికీ వెళుతూ ఉండవచ్చు. అయిదు కార్డులూ ఈ మూడు కథల్లో దేనికైనా అతుకుతాయి. ఇన్నిటికి అతికేది దేనికీ రుజువు కాదు. ఇంకో కార్డు తీయమని ఆమె అడిగింది. నేను పేక మూసేశాను.

ఎక్కడ లేచిపోవాలి

కార్డులు చూపించుకోవడానికి వెళ్లేవాళ్లు కొన్ని మాటలు వినగానే లేచి రావాలి. ఆ మూడో మనిషి రంగు, ఎత్తు, పేరులో మొదటి అక్షరం చెప్పడం ఒకటి. అలాంటిది ఏ కార్డు మీదా లేదు. వెతుకుతున్న కళ్లకు ఆ అక్షరంతో పేరున్నవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు, వాళ్లు నిర్దోషులైనా సరే. రెండోది, ఆ మనిషిని తొలగించడానికి పరిహారం చేస్తామని, ఇన్ని వేలు అవుతాయని అనడం. భయం పుట్టించినవాళ్లే మందు అమ్ముతున్నారంటే అక్కడ చదివింది కార్డుల్ని కాదు, మిమ్మల్ని. మూడోది, అదే ప్రశ్నకు వారం వారం మళ్లీ రమ్మనడం. పైన చెప్పిన లెక్క ప్రకారం నాలుగైదుసార్లలో భయపడిన కార్డు రావడం దాదాపు ఖాయం.

కొట్టడం, బెదిరించడం జరుగుతున్న ఇంటి నుంచి ఎవరైనా వస్తే నేను కార్డులు తీయను. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు రాసి ఇస్తాను. అక్కడ అర్థం చేసుకోవలసిన బొమ్మలేవీ లేవు.

నెల తర్వాత ఆమె ఫోన్ చేసింది. అడిగానక్కా అంది. రెండే అడిగాను, ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తెల్లారేదాకా మాట్లాడాడు అంది. ఏం చెప్పాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అది వాళ్లిద్దరి మధ్య మాట. అందులో మూడో మనిషిగా నేను ఉండకూడదు.